ఆమేన్‌కు మార్కుల్లేవు

పరీక్ష కాగితం చివర ఆమేన్ అని రాసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? గుండ్లపాడు విశ్వాసమ్మ రాసింది. ఒక ఏడు కాదు, వరసగా రెండేళ్లు. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు, నాలుగింటి చివరా నాలుగు ఆమేన్లు. రెండోసారి పేపరు దిద్దినాయన ఎవరోగానీ ఓపిక నశించి, ఎర్ర సిరాతో పక్కన రాశాడు: “ఆమేన్‌కు మార్కులు లేవు.”

నవ్వొస్తుంది గానీ, ఆమెకు నవ్వులాట కాదు. అది పంతొమ్మిదివందల ముప్పయ్యారు. విశ్వాసమ్మకు ముప్పయ్యేడేళ్లు. జమ్మలమడుగుకు ఆరు మైళ్ల అవతల గుండ్లపాడు పేటలో ఆమె బైబిలు స్త్రీ. అంటే పొద్దున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించాలి, మధ్యాహ్నం ఆడపిల్లలకు బడి చెప్పాలి. నాపరాళ్లు పరిచిన ఒకే గదిలో పంతొమ్మిది మంది పిల్లలు. మొగుడు లింగన్న కలరా గత్తరలో చనిపోయిన ఏడాదే ముగ్గురితో మొదలుపెట్టింది ఆ బడి. తెల్లారి లేవడానికి ఆమెకు ఇంకో కారణం అక్కర్లేకుండా చేసింది ఆ బడే.

అంతకు రెండేళ్ల ముందు మిషను వాళ్లు కొత్త నియమం పెట్టారు. ఊళ్లలో బడి నడిపేవాళ్లంతా పై పరీక్ష ప్యాసు కావాలి. మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితే బడి మూసేసి, ఆ మనిషిని కాంపౌండులో ఇంకేదన్నా పనికి వేస్తారు. విశ్వాసమ్మకు రెండు అయిపోయాయి.

తక్కిన పేపర్లన్నీ ఆమె నీళ్లు తాగినంత సులువుగా రాసేది. సంఘ చరిత్ర తేదీలు, రాజుల పేర్లు, వచనాలు అన్నీ నోటికి వచ్చు. తన్నేసింది ఒక్క వేదవిచారమనే పేపరు, బైబిలు మాటల మీద తర్కించి రాయాల్సింది. మూడు గంటలు, నాలుగు పెద్ద ప్రశ్నలు, ఒక్కోదానికి ఇరవైఐదు. నలభై వస్తే గట్టెక్కినట్టు. మొదటిసారి ఇరవైఎనిమిది వచ్చాయి, రెండోసారి ముప్పయ్యొకటి. ఇంత తెలిసిన మనిషికి ఇదేం కర్మ అని పేటంతా ఆశ్చర్యపోయింది. తెలియడం వేరు, అడిగినదానికి చెప్పడం వేరు అన్న సంగతి పేటకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

తెలిసింది లేవి అయ్యగారికి. జమ్మలమడుగు కాంపౌండులో వేసవి బడి నడిపే ముసలి పాదిరి ఆయన. బక్కమనిషి, ముక్కుపొడుం అలవాటు. దిద్దిన పేపరు తెప్పించి, ఆమెను వరండాలో కూర్చోబెట్టి ముందు ప్రశ్న చదవమన్నాడు. ఆమె చదివింది: “నీతిమంతుల శ్రమలకు యోబు గ్రంథము తృప్తికరమైన సమాధానము నిచ్చుచున్నదా? చర్చింపుము.”

“ఏమడిగినారు?” అన్నాడు.

“యోబు శ్రమల గురించి అడిగినారు అయ్యగారూ.”

“కాదు. మళ్లా చదువు.”

ఆమె నాలుగుసార్లు చదివింది. అప్పటికి కానీ ‘తృప్తికరమైన’ అన్న మాట కంటికి ఆనలేదు. తన జవాబు తిప్పి చూసుకుంది. తొమ్మిది పేజీలు. ఊజు దేశంలో ఏ పాపమూ ఎరగని యోబు ఆస్తిపాస్తులతో మొదలై, పిల్లలు చావడం, కురుపులు, బూడిద, ఇరవైరెండు వచనాలు, ఒక కీర్తన చరణం, చివర మనమందరం ఓర్పు నేర్చుకుందాం, ఆమేన్. తృప్తికరమా కాదా అన్న ముక్క ఒక్కచోటా లేదు. ఆ ఒక్క జవాబుకే రెండు గంటలు పట్టింది కాబట్టి మిగతా మూడు ప్రశ్నలకు మిగిలింది ఒక గంట.

లేవి అయ్యగారు తిట్టలేదు. ఒక పొడుం పట్టు పీల్చి నిదానంగా చెప్పుకొచ్చాడు. వివరింపుమంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చర్చింపుము, పరీక్షింపుము అంటే మాత్రం ఇరుపక్షాలూ తూచి, ఏది ఎందుకు మొగ్గుతుందో చెప్పడం. జవాబు మొదటి రెండు వాక్యాల్లోనే నువ్వు ఎటు పోతున్నావో చూపించు. తర్వాత పేరాకొక మాట, ఆ మాటను నిలబెట్టే రుజువు ఒకటో రెండో, ఆ రుజువు నీ మాటను ఎట్లా మోస్తుందో ఒక వాక్యం. ఇరవైరెండు వచనాలు అక్కర్లేదు. బాగా వాడిన ఐదు చాలు. ఇదంతా ఆమె తలూపుతూ విన్నది. ఆ తర్వాత ఆయన పేపరు మూసి, అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉందన్నాడు.

“ఎదుటివాని మాట యాడ ఉండాది విశ్వాసమ్మా? యోబు తప్పు చేసినాడన్నోళ్ల వాదన ఒక్క ముక్కన్నా రాసినావా?”

“తప్పుడు మాటకు నేనెందుకు నోరియ్యాల అయ్యగారూ?”

ఆయన నవ్వలేదు. ఆమె పదిహేనేళ్లుగా వాకిళ్లలో నిలబడి బోధ చేసే మనిషి. బోధలో ఎదుటివాడి వాదనకు చోటివ్వరు. ఇస్తే వినేవాళ్లు దాన్నే పట్టుకుని పోతారు. ఈ తప్పు బడిలో చదివి వచ్చినవాళ్లు చేయరు, బోధ చేసి చేసి అరిగిపోయినవాళ్లే చేస్తారు. ఆయనకు అది తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు ఆయనా అదే తప్పు చేశాడు. “నీ మాట ఎంత గట్టిదో, దాన్ని కొట్టేవాడి మాట ఎంత గట్టిదో చూపిస్తేనే గదా తెలిసేది,” అని మాత్రం అన్నాడు. ఇంటికి పోయి ఆ ఒక్కటి నేర్చుకో అన్నాడు.

ఇల్లు చేరాక విశ్వాసమ్మ పద్ధతిగానే మొదలుపెట్టింది. ఇంట్లో గడియారం లేదు. అందుకని పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి కాగితం ముందు కూర్చునేది. ఎసరు కాగేలోపల ప్రశ్న రెండుసార్లు చదివి, ఏం రాయాలో పలక మీద ఐదు ముక్కలు గీసుకోవాలి. నూక ఉడికి, పిండి పోసి, గెలికి, సంగటి దించేసరికి జవాబు అయిపోవాలి. మొదటి వారం సంగటి మాడింది. రెండో వారం జవాబు మాడింది. మూడో వారానికి రెండూ ఒక దోవకు వచ్చాయి. ముప్పావుగంటలో నాలుగు పేజీలు, అడిగినదానికే జవాబు.

ఎదుటివాడి మాట మాత్రం రాలేదు. యోబు స్నేహితులు ముగ్గురు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, కష్టంలో ఉన్నవాడి దగ్గరకొచ్చి, నువ్వు పాపం చేసుంటావు, అందుకే నీకీ గతి అన్నారు. వాళ్ల పక్షం రాయమంటే విశ్వాసమ్మ కలం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయేది: వాళ్లు కఠినాత్ములు. అంతకు మించి ఒక్క అక్షరం ముందుకు పోయేది కాదు. ఎందుకు పోదో ఆమెకు బాగా తెలుసు.

ఐదేళ్ల కిందట లింగన్నను పూడ్చి వచ్చిన రోజు, ఆమె మామ చిన్న ఈరన్న, పేట జనమంతా వింటుండగా ఒక మాట అన్నాడు. సుంకులమ్మను విడిచిపెట్టినారు, అందుకే నా కొడుకు పోయినాడు. అంతే. ఈరన్న ఆ పేటకు పెద్ద, ఆ ఊరి పాత దేవత సుంకులమ్మను విడవని మనిషి. ఆయన మాటంటే పేటలో తీర్పుతో సమానం. ఆ రోజు నుంచి విశ్వాసమ్మ ఆయనకు రెండు పూటలా సంగటి తీసుకుపోయి గడప దగ్గర పెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు. ఆయనా తినేవాడు, పలికేవాడు కాదు. మామాకోడళ్ల గోడలు ఆనుకునే ఉన్నాయి. వాళ్ల మధ్య ఐదేళ్ల మౌనం కూడా ఆనుకునే ఉంది.

ఎలీఫజు మాట రాయబోతే ఆమెకు ఈరన్న గొంతు వినిపించేది. ఇక కలం ఏం నడుస్తుంది?

మాఘమాసం వచ్చింది. పరీక్షకు మూడు నెలలు. ఒకరోజు సాయంత్రం ఆమె నీళ్ల కుండ చంకన పెట్టుకుని వస్తుంటే పేట మధ్య బండ దగ్గర పంచాయితీ కూర్చుని ఉంది. పుల్లయ్య మేకలు గురుస్వామి జొన్నచేను మేసేశాయి. గురుస్వామి ఒక మేకను పట్టుకుని కట్టేశాడు. ఇద్దరూ గొంతులు చించుకుంటున్నారు. ఈరన్న మధ్యలో గొంతుక్కూర్చుని ఇద్దరి మాటా విన్నాడు. విన్నాక తీర్పు చెప్పలేదు. ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది, దాన్ని వాళ్లు మాట అప్పజెప్పడం అంటారు. తగువు తీర్చే పెద్ద ముందుగా ఒక్కొక్కరి మాటా తన నోటితో వాళ్లకే తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్లు ఒప్పుకునేదాకా చెప్పాలి. ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకున్నాకే తీర్పుకు నోరెత్తాలి.

ఆ పేటలోనే పుట్టి ఆ పేటకే కోడలైన విశ్వాసమ్మ ఇది చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు కుండ చంకలోనే పెట్టుకుని నిలబడిపోయింది. ఈరన్న పుల్లయ్య మాట చెప్పాడు. కాదు మామా, ఇంకా ఉండాది అన్నాడు పుల్లయ్య. మళ్లీ చెప్పాడు. ఈసారి పుల్లయ్య కూడా చెప్పలేనంత బాగా చెప్పాడు: చేనికి ముళ్లకంప లేదు, నిరుడు కంప వేస్తానని గురుస్వామి ఒప్పుకున్నాడు, వేయలేదు, కాబట్టి మేకకేం తెలుస్తుంది? పుల్లయ్య మొహం వెలిగిపోయింది. అవును, అదే అన్నాడు. ఆ తర్వాత ఈరన్న సాక్షులను పిలిచాడు. ఆరుగురు వచ్చారు. మేకలు చేనిలో ఉండగా కంటితో చూసింది వాళ్లలో ఒక్కతే, బసమ్మ. తక్కిన ఐదుగురివీ విన్న మాటలే. ఈరన్న ఐదుగురినీ పక్కన కూర్చోబెట్టి బసమ్మ మాట మీదే తీర్పు కట్టాడు. తీర్పు కూడా ఎట్లా? ముందు ఒక్క ముక్కలో చెప్పేశాడు, మేసిన జొన్నలో సగం పుల్లయ్య ఇచ్చుకోవాల, కంప గురుస్వామి వేసుకోవాల అని. ఎందుకో ఆ తర్వాత చెప్పాడు. చివర్న చెప్తే అంతదాకా ఎవడు కూర్చుంటాడు?

లేవి అయ్యగారు వరండాలో చెప్పిందంతా ఇదేనని విశ్వాసమ్మకు ఒక్కసారిగా తట్టింది. ముందు తేలాల్సింది తగువేంటన్నది. ఆ తర్వాత ఇరుపక్షాలూ, సాక్షులూ, వాళ్లలో ఎవరి మాట బరువన్నదీ. జవాబు కాగితం తీర్పు చెప్పే చోటు, కాబట్టి తీర్పు ముందు. ముప్పయ్యేడేళ్లుగా తన పేట మధ్యలోనే ఉన్న బండ. దాన్ని వదిలేసి ఆరు మైళ్లు నడిచి జమ్మలమడుగు పోయింది తను! పెరట్లో చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఇట్లాంటి వాళ్ల కోసమే పుట్టినట్టుంది.

కానీ తట్టడం ఒకటి, చేయడం ఒకటి. మరుసటి రోజు మధ్యాహ్నం సంగటి గిన్నె తీసుకుపోయి గడప దగ్గర పెట్టింది. ఎప్పటిలా వెనక్కి తిరగలేదు. గడప ఇవతలే కూర్చుంది. ఈరన్న గిన్నె వైపు పోబోతున్న చెయ్యి ఆపేశాడు.

“మామా, నీ మాట నేనప్పజెప్పాల.”

“ఏం మాట?”

“నీ కొడుకును పూడ్చిన దినం నువ్వన్నది.”

ఆయన మొహం నాపరాయిలా అయిపోయింది. లేచి పోతాడేమో అనుకుంది. పోలేదు. పంచాయితీ పెద్ద కదా, మాట అప్పజెప్తానన్న మనిషిని పొమ్మనడానికి లేదు. ఆమె చెప్పింది: “మేం సుంకులమ్మను ఇడిసినాం. దానికి అమ్మవారు కోపం జేసి నీ కొడుకును తీసకపాయ. అదేనా?”

“కాదు,” అన్నాడు.

ఆమె ఆశ్చర్యపోయింది. ఐదేళ్లు గుండెలో మోసిన మాట, అక్షరం పొల్లుపోకుండా గుర్తున్న మాట. కాదంటాడేమిటి? మళ్లీ ప్రయత్నించింది. దేవత కోపం తన మీదని, తను ఆ ఇంట్లో అడుగు పెట్టబట్టే ఇట్లా అయిందని ఆయన అనుకున్నట్టు చెప్పింది. ఈరన్న తల అడ్డంగా తిప్పాడు. కాదు, ఇంకా ఉండాది అన్నాడు.

మూడోసారి చెప్పే ముందు విశ్వాసమ్మ ఆ రోజు ఈరన్న ఎట్లా నిలబడ్డాడో గుర్తుచేసుకుంది. ఆమెను చూస్తూ అనలేదు ఆ మాట. గుంత వైపు చూస్తూ అన్నాడు. పక్కన మరో ముగ్గురి గుంతలున్నాయి. వారంలో పేటలో పదకొండు మంది పోయారు. వాళ్లలో సుంకులమ్మను విడవనివాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ఆయనకు తెలియదా?

నిదానంగా, తన మాటలా కాక ఆయన మాటలా చెప్పింది. “ఎవురో ఒకరు తప్పు చేసినందుకే సావు వచ్చిందనుకో, ఆ తప్పు దిద్దుకోవచ్చు. అమ్మవారి కాళ్లు పట్టుకోవచ్చు. ఎవురూ ఏ తప్పూ చేయకుండానే వాడు పాయనంటే, రేపు ఇంకొకడు పోతాడు, నేను ఏం జేయాలనో నాకు తెలీదు. పేటకు పెద్దనయ్యుండి నేనేం జెప్పాల? దానికి, తప్పు ఉండాదనే అనుకుంటి. తప్పు లేదంటే తట్టుకోలేకపోతి.” చెప్పి ఆగింది. “అదేనా మామా?”

ఈరన్న కండువా అంచుతో మొహం తుడుచుకున్నాడు. “అవును అమ్మీ,” అన్నాడు. “అదే.”

ఇంతే జరిగింది. ఆయన క్షమించమనలేదు, ఆమె క్షమించాననలేదు. గిన్నె ఖాళీ అయ్యాక తీసుకుని ఇంటికి వచ్చేసింది. కానీ ఆ సాయంత్రం ఎసరు పెట్టి కూర్చుంటే ఎలీఫజు పక్షం వరదలా వచ్చింది. వాళ్లు కఠినాత్ములు కారు. లోకానికి ఒక న్యాయం ఉందని, విత్తిందే కోస్తామని గట్టిగా నమ్మినవాళ్లు. ఆ నమ్మకం కూలితే తమకూ నిలబడే చోటుండదని భయపడ్డవాళ్లు. ధర్మశాస్త్రం కూడా అదే చెప్తుంది, విధేయతకు దీవెన, అవిధేయతకు శాపం అని. ఇంత గట్టి పక్షాన్ని రెండేళ్లు తను ఒక్క తిట్టుతో సరిపెట్టిందని తెలుసుకుని సిగ్గుపడింది. సంగటి మళ్లీ మాడింది. ఈసారి బాధపడలేదు.

మే నెలలో జమ్మలమడుగు ఎండ ఎట్లా ఉంటుందో ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పరీక్ష గదిలో గోడ గడియారం, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు. పేపరు వచ్చింది. రెండో ప్రశ్న ఇదీ: “‘యోబు స్నేహితులు పలికినదంతయు అసత్యమే.’ ఈ యభిప్రాయమును పరీక్షింపుము.”

నిరుటి విశ్వాసమ్మ అయితే ఊజు దేశంలో బయల్దేరి ఉండేది. ఈ విశ్వాసమ్మ ముందు గడియారం చూసింది. నాలుగు ప్రశ్నలకు మూడు గంటలు, ఒక్కోదానికి ముప్పావు. ప్రశ్న రెండుసార్లు చదివి రెండు మాటల కింద గీత గీసింది. ‘పలికినది’ ఒకటి, ‘అంతయు’ ఒకటి. తగువంతా ఆ రెంటి మీదే. తర్వాత చిత్తు కాగితం మీద ఐదు ముక్కలు గీసుకుంది.

మొదట ఆమెకు గుర్తొచ్చింది స్నేహితులు చేసిన మంచి పని. యోబు అవస్థ చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాటా పలకకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఎంత ఇష్టమో ఆమెకు ఆ ఘట్టమంటే. చిత్తులో రాసుకుంది కూడా. కానీ అడిగింది పలికినదాని గురించి. పలకకుండా కూర్చున్నదాని గురించి కాదు. ఎంత మంచి సాక్షి అయినా ఈ తగువుకు సంబంధం లేని సాక్షి. కొట్టేసింది. కొట్టేస్తుంటే కొంచెం బాధ అనిపించింది.

ఇక తీర్పుతో మొదలుపెట్టింది. ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. స్నేహితులు చెప్పిన సూత్రంలో సత్యముంది, దాన్ని తిరగేసి యోబు మీద మోపడంలో అసత్యముంది. రెండే వాక్యాలు. తర్వాత ముందుగా అభిప్రాయానికి అనుకూలమైన పక్షం. యోబు నిర్దోషి అని మొదటి అధ్యాయంలో దేవుడే సాక్ష్యమిచ్చాడు. అయినా ముగ్గురూ అతన్ని దోషి అన్నారు. చివరి అధ్యాయంలో ఆ దేవుడే, మీరు నన్నుగూర్చి యుక్తంగా పలకలేదని వాళ్ల మొహానే చెప్పాడు. ఇది న్యాయాధిపతి నోటి మాట, కాబట్టి అన్నిటికన్నా బరువైనది అని ఒక వాక్యం చేర్చింది. వచనం పెట్టి వదిలేస్తే చాలదు, అది మాటను ఎట్లా మోస్తుందో చెప్పాలని లేవి అయ్యగారు అన్నాడు కదా.

తర్వాత ఎదుటి పక్షం. ఇక్కడ ఆమె కలం ఈరన్న గొంతుతో నడిచింది. పాపానికి ఫలితముందన్నది వాళ్లు కల్పించిన మాట కాదు. ధర్మశాస్త్రంలో ఉంది, జ్ఞానుల సామెతల్లో ఉంది. ఐదో అధ్యాయంలో ఎలీఫజు పలికిన ఒక మాటను కొరింథు సంఘానికి రాసిన పత్రికలో అపొస్తలుడు లేఖనంగానే ఎత్తి చెప్పాడు. అంతా అసత్యమే అయితే అది ఎట్లా కుదురుతుంది? ఈ న్యాయం లేదనుకుంటే బాధలో ఉన్నవాడికి దిద్దుకునే దారి కూడా మూసుకుపోతుంది. వాళ్లు ఆ దారి తెరవాలనే చూశారు.

రెండూ పెట్టాక తూచింది. స్నేహితులు చూసిందేమిటి? బూడిదలో కూర్చున్న మనిషిని మాత్రమే. అతని పాపం చూసినవాళ్లు ముగ్గురిలో ఒక్కరూ లేరు. ఎలీఫజు తన మాటకు ఆధారంగా చెప్పింది కలవరం పుట్టించిన ఒక రాత్రి దర్శనం. బిల్దదు, నీ పిల్లలు పాపం చేసి పోయుంటారన్నాడు. పిల్లలు పాపం చేశారేమోనని యోబు కూడా బలులిచ్చేవాడు నిజమే, కానీ అతని ‘ఏమో’ పిల్లలను కాపాడుకోవడానికి, బిల్దదు ‘ఏమో’ వాళ్ల చావుకు కారణం కట్టడానికి. పాపం చేస్తే బాధ వస్తుందన్నది ఒక మాట. బాధ వచ్చింది కాబట్టి పాపం చేసే ఉంటాడన్నది వేరే మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. తెలివిలేని మాటలాడాడని దేవుడు యోబును కూడా గద్దించి, అయినా యోబు వైపే తీర్పిచ్చాడు. కాబట్టి ఆ తీర్పు ఒక్కొక్క మాటను కొట్టేయడం కాదు, వాళ్లు ఆ మాటలతో చేసిన పనిని కొట్టేయడం. అందువల్ల ‘అంతయు’ అన్నది నిలవదు.

గడియారం చూసింది. నలభైమూడు నిమిషాలు. చెయ్యి అలవాటు కొద్దీ ‘ఆ’ అని మొదలుపెట్టబోయింది. ఆపి, చుక్క పెట్టి, మూడో ప్రశ్నకు పోయింది.

ఫలితం జూలైలో తెలిసింది. లేవి అయ్యగారు స్వయంగా ఎద్దుబండి కట్టించుకుని, దిద్దిన పేపరు పట్టుకుని గుండ్లపాడు వచ్చాడు. అరవైనాలుగు. అందులో రెండో జవాబుకు ఇరవై. పక్కన ఎర్ర సిరాతో ఒక మాట: “ఎదుటి పక్షమును ఇంత న్యాయముగా చెప్పిన జవాబు ఈ సంవత్సరము మరియొకటి చూడలేదు.” బడి ఉంటుంది. పంతొమ్మిది మంది పిల్లలు ఆ పూట అక్షరం ముక్క చదవలేదు, అడిగినవాళ్లూ లేరు. విశ్వాసమ్మ పేపరును నాలుగుసార్లు చదువుకుని, నాలుగుసార్లూ ఏడ్చింది.

సాయంత్రం సంగటి గిన్నెతో పాటు ఆ పేపరు కూడా పట్టుకుపోయింది. ఈరన్నకు చదువు రాదు. ఏం రాసినావో చెప్పమన్నాడు. ఆమె గడప ఇవతల కూర్చుని రెండో జవాబు మొదలు నుంచి చివరిదాకా చదివి వినిపించింది. రాయకుండా కొట్టేసిన ఆ ఏడు దినాల ముక్క కూడా చెప్పింది, ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో చెప్పింది. ఎదుటి పక్షం చదువుతున్నప్పుడు ఆయన మంచం మీద కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్లు తెరిచాడు.

“పంచాయితీలో ఒకరి మాట అప్పజెప్పి ఇంకొకరిది వదిలితే తప్పు,” అన్నాడు. “నీ మాట నేనప్పజెప్పలేదు అమ్మీ. ఐదేండ్లాయ.”

విశ్వాసమ్మ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వు ఏ తప్పూ చేయలేదు. నా కొడుకూ చేయలేదు. ఎందుకు పాయనో నీకు తెలీదు. తెలీకపోయినా నువ్వు నీ దేవుని ఇడవలేదు. కారణం జెప్పమని ఆ దినం నువ్వెవురినీ అడగలేదు.” ఈరన్న ఆమె ఒళ్లోని పేపరు వైపు వేలు చూపించాడు. “నీకు కావల్సింది మీ పుస్తకంలోవాళ్లు మొదట జేసిన పనే. ఏడు దినాలు నోరు మూసుకోని నీ పక్కన నేల మీద కూసునే మనిషి. నేను కూసోలేదు. నోరు తెరిస్తి. అదేనా అమ్మీ?”

“అవును మామా,” అంది విశ్వాసమ్మ. “అదే.”

ఆనవాయితీ ప్రకారం రెండు పక్షాలూ ఒప్పుకున్నాక పెద్ద తీర్పు చెప్పాలి. ఈరన్న ఏ తీర్పూ చెప్పలేదు. మంచం దిగి వచ్చి, గడప ఇవతల ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.